ఏడు నిమిషాలు, నలభై ఒక్కసార్లు

నా సొరుగులో తలనొప్పి బిళ్ళలు ఉండవు, నోటుపుస్తకాలుంటాయి. వంద పేజీలవి, గీతలవి, ఎప్పుడూ డజనుకు తగ్గవు. అంబులెన్సు కాల్ సెంటరులో పగటి షిఫ్టుకి నేను ఇన్‌ఛార్జిని. ఎవరైనా ఒక కాల్ ముగించి, హెడ్‌సెట్ తీయడం కూడా మరిచిపోయి, తెల్లముఖం వేసుకుని కూర్చున్నారంటే వాళ్ళ బల్ల మీద ఒక పుస్తకమూ ఒక పెన్నూ పడతాయి. "అక్క వైద్యం మొదలెట్టింది" అని మావాళ్ళు వెనకాల నవ్వుకునేవారు. ముందర నవ్వినా నేను లెక్కచేసేదాన్ని కాదు. నాకు పనిచేసింది కాబట్టి లోకానికంతటికీ పనిచేసి తీరాలన్నది నా మొండి పట్టు.

నిజంగానే పనిచేసింది. మా చెల్లెలు రోడ్డు మీద లారీ కింద పడి పోయిన రోజు ఆ కాల్ మా గదికే వచ్చింది. నా పక్క సీటుకి. ఏడాది గడిచినా ఇంట్లో ఫోను మోగితే నా చేతులు చల్లబడేవి. అప్పుడు ఆరోగ్య కార్యాలయంలో ఉండే కౌన్సెలర్ మేడమ్ నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి, "రోజుకి ఇరవై నిమిషాలు, నాలుగు రోజులు. నీ మనసు అడుగున ఏముందో రాయి. తప్పులు చూసుకోకు, అక్షరం బాగుందా అని చూసుకోకు. ఎవరూ చదవరు, నేనూ చదవను" అంది. మొదటి రెండు రోజులూ రాసి ఇంటికి వెళ్ళాక మరింత కుంగిపోయాను. మూడో రోజు నన్ను నేను తిట్టుకున్నాను. నాలుగో రోజు నా పెన్ను దానంతట అది ఒక మాట రాసింది: ఆ పొద్దున నాతో గొడవపడి, పలకకుండా వెళ్ళిపోయినందుకు నాకు చెల్లెలి మీద కోపంగా ఉందని. పోయినదాని మీద కోపమేమిటని సిగ్గుపడి, అంతవరకూ నాక్కూడా తెలియకుండా దాచుకున్న మాట అది. అంతదాకా ముక్కలు ముక్కలుగా తిరిగిన ఆ రోజుకి ఒక మొదలూ చివరా వచ్చాయి. కాగితాలు చింపేసి, ఇంటికి వెళ్ళి, ఏడ్చి, నిద్రపోయాను.

అప్పటినుంచి నేను నోటుపుస్తకాల మతంలో కలిశాను. డ్రైవర్ బాబాయికి ఇచ్చాను. ఆయన వంతెన ప్రమాదం గురించి నాలుగు రోజులు రాసి, "ఛాతీ మీంచి ఏదో దిగిందే అమ్మాయ్" అన్నాడు. వైర్‌లెస్ చూసే అబ్బాయికిచ్చాను. వాడు ఒక్క పేజీ రాసి తెచ్చి ఇచ్చేశాడు. "అక్కా, నాకిది ఎక్కదు. నేను గంట నడిస్తే సర్దుకుంటాను" అన్నాడు. వాడికి రాయడం రాదులే అని నాలో నేను తీర్పు చెప్పేసుకున్నాను. నాకు తీర్పులు తొందరగా వస్తాయి.

ఇక పిచ్చుక. పిల్ల పేరు అది కాదు. చిన్న గొంతు, గబగబా మాట, సీటులో కుదురుగా ఉండదు. చేరిన వారానికే అందరం పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టాం. అన్నావదినలతో ఉంటుంది. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. నేనే నేర్పాను దానికి పని. గోడ మీద నా చేతిరాతతో ఉన్న అట్టని మొదటిరోజే చదివించాను: చిరునామా రెండుసార్లు అడగాలి. తప్పు వీధికి బండి పంపితే ఇక ఆ ఇంటి మనిషిని దేవుడే కాపాడాలి.

ఆ కాల్ పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. ఒకావిడ. భర్త స్నానాలగదిలో పడిపోయాడు, ఊపిరి తీయడం లేదు. పిచ్చుక చిరునామా రాసుకుంది, ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి ఎలా నొక్కాలో చెప్పింది, ఆవిడతో కలిసి పైకి లెక్కపెట్టింది. ఏడు నిమిషాలకు బండి చేరింది. మనిషి దక్కలేదు. ఆ సంగతి బండివాళ్ళు చెప్పాక పిచ్చుక హెడ్‌సెట్ తీయలేదు. అరగంటలో దాని బల్ల మీద నా పుస్తకం పడింది.

"రోజూ రాయి. తేలికపడేదాకా రాయి" అన్నాను.

మర్నాటి నుంచి షిఫ్టు మొదట్లో దాని సీటు దగ్గర ఆగి అడిగేదాన్ని.

"రాశావా?"

"రాశానక్కా."

"ఎన్ని పేజీలు?"

"మూడు."

"మంచిపిల్లవి."

పుస్తకాన్ని అది తన లాకర్లోనే పెట్టుకునేది. ఇంట్లో చోటు లేదంది. నాకు నచ్చింది. క్రమశిక్షణ అంటే ఇదీ అనుకున్నాను.

నాలుగో వారంలో వాళ్ళ వదిన వచ్చింది. ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని మా వరండా బెంచీ మీద చాలాసేపు కూర్చుందట. నేను బయటికి రాగానే లేచి నిలబడింది.

"మేడమ్, మా ఆడపడుచు తిండి మానేసింది. పొద్దున డ్యూటీకి గంట ముందే వచ్చేస్తోంది. ఏంటే అంటే రాసుకోవాలంటుంది. ఇంట్లో అంట్లు కడుగుతూ కూడా అవే అంకెలు. ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతుంది."

"లోపలున్నది బయటికొస్తోందమ్మా. మొదట్లో అలాగే ఉంటుంది. నాకూ అలాగే అయింది."

"ఎన్నాళ్ళుంటుంది మేడమ్ మొదలు?"

మంచి ప్రశ్న. నేను జవాబు చెప్పకుండా ఆవిడ భుజం తట్టి పంపించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆరు వారాలకు, ఒక మధ్యాహ్నం, పిచ్చుక నా బల్ల ముందుకు వచ్చి రాజీనామా కాగితం పెట్టింది. దాని మీద ఒక అంటించిన కవరు. దాని మీద మూడు నోటుపుస్తకాలు. నేనిచ్చింది ఒకటే. మిగతా రెండూ అది కొనుక్కుంది.

"ఈ ఉత్తరం ఆ తొమ్మిదింటి కాల్ ఆవిడకక్కా. రేపు పొద్దున నేనే వెళ్ళి ఇచ్చేస్తాను. ఇల్లు తెలుసు కదా."

"ఏముంది అందులో?"

"మీ ఆయన్ని చంపింది నేనేనని."

గొంతులో వణుకు లేదు. నాకు భయం వేసింది అందుకే.

"ఎవరు చెప్పారే నీకు? నీ తప్పేముంది?"

"చదవండి. మీరే కదా రాయమన్నారు. అన్నీ అందులో ఉన్నాయి."

మా గదిలో ఒకరి పుస్తకం ఒకరు ముట్టుకోకూడదన్నది నేను పెట్టిన నియమమే. కానీ పిల్ల తానే చేతిలో పెట్టింది. డ్రైవర్ బాబాయిని పిలిచి, "దీన్ని క్యాంటీనులో కూర్చోబెట్టి టీ తాగించు. నేను వచ్చేదాకా ఒంటరిగా వదలకు" అని చెప్పి, రికార్డుల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

రోజుకొకటి చొప్పున నలభై ఒక్కసార్లు రాసింది. నలభై ఒక్కసార్లూ అవే ఏడు నిమిషాలు. దాని భయం గురించి గానీ, ఆ సాయంత్రం గురించి గానీ, మర్నాడు గురించి గానీ ఒక్క వాక్యం లేదు. మేం కాల్ షీటు నింపే పద్ధతిలోనే, ఎడమవైపు సమయం, కుడివైపు జరిగినది. తొమ్మిదీ నాలుగుకి ఇది, తొమ్మిదీ అయిదుకి అది. నేను నేర్పిన పద్ధతే. నాలుగు రోజుల్లో నా పెన్ను ఎక్కడెక్కడికో వెళ్ళింది. దీని పెన్ను ఆరు వారాలుగా గానుగెద్దులా ఒక్కచోటే తిరిగింది.

అలా తిరుగుతూ ఒక్కచోటనే మారింది కూడా. మొదటిరోజు ఇలా ఉంది: "ఛాతీ నొక్కుతున్నారు. అక్క నా వెనకాల నిలబడి 'చిరునామా మళ్ళీ అడుగు' అంది. అడిగాను. ఆవిడ చేతులు తీసేసి, చెప్పాను కదమ్మా అని అరిచి, మళ్ళీ చెప్పింది." మూడో రోజుకి నేను లేను. "చిరునామా మళ్ళీ అడిగాను" అని మాత్రం ఉంది. తొమ్మిదో రోజు: "మొదటిసారి సరిగా వినలేదు, అందుకని మళ్ళీ అడిగాను." ఇరవయ్యో రోజు: "వదినతో పొద్దున మాటామాటా అనుకున్నాను, మనసు అక్కడుంది, అందుకని వినలేదు." ముప్ఫైమూడో రోజు: "సెల్‌ఫోను చూసుకుంటున్నాను." నలభై ఒకటో రోజు పేజీలో సమయం కూడా లేదు. "నేనే" అని ఒక్క మాట ఉంది, పేజీ నిండా.

సెల్‌ఫోను మా గదిలోకి రాదు. తలుపు దగ్గర పెట్టెలో వేసి తాళం వేస్తాం. తాళంచెవి నా నడుముకే ఉంటుంది. ఆ పిల్ల జరగనిది రాసింది. రాసి రాసి దాన్ని నమ్మింది కూడా.

మరి నేను మళ్ళీ అడగమన్న మాట? నాకు జ్ఞాపకం లేదు. రోజుకి వందసార్లు అనే మాట అది. ఆ ఉదయం కాల్ రికార్డు తీసి విన్నాను. పిచ్చుక గొంతు, ఆవిడ గొంతు, లెక్క. పదిహేడు, పద్దెనిమిది. వెనకాల సన్నగా నా గొంతు. "చిరునామా మళ్ళీ అడుగు." తర్వాత అడగడం, అరవడం, చెప్పడం. మళ్ళీ లెక్క మొదలయ్యేదాకా పంతొమ్మిది సెకన్లు. వీధి మొదటే సరిగ్గా చెప్పిందావిడ. రెండుసార్లూ ఒకటే చిరునామా.

నాకు తట్టిన మొదటి ఆలోచన చెప్పనా? ఈ సంగతి నాకూ ఈ రికార్డుకీ ఆ మొదటి పేజీకీ తప్ప ఎవరికీ తెలియదు కదా అని. రెండోది పిచ్చుక గురించి. నా బుర్రలో అవి ఆ వరుసలో వచ్చాయి మరి.

పిచ్చుకని బండెక్కించుకుని కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ జుట్టు నెరిసింది తప్ప గది అదే, బల్ల అదే. పిల్లని బయట బాబాయి పక్కన కూర్చోబెట్టి ముందు నేను వెళ్ళి సంగతంతా చెప్పాను. ఒక్కటి మాత్రం గొంతులోనే ఉంచుకుని. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడిచ్చావు పుస్తకం?"

"అదే రోజు. అరగంటలో."

"నీకు నేనెప్పుడిచ్చాను?"

"ఏడాదికి."

"ఎన్ని రోజులు రాయమన్నాను?"

"నాలుగు."

"నాలుగయ్యాక ఆపమన్నానా? రాస్తుంటే మునిగిపోతున్నట్టుంటే పెన్ను పక్కన పెట్టేసి నా దగ్గరికి రమ్మన్నానా?"

"అన్నారు."

"మరి నువ్వు పెన్నొక్కటి పట్టుకుపోయి మిగతాదంతా ఇక్కడే వదిలేసి వెళ్ళావేమమ్మా?"

చిన్నప్పుడు కూడా నన్నెవరూ ఇంతగా తలదించుకునేలా చేయలేదు. ఆవిడ గొంతు తగ్గించింది. రాయడం కొందరికి మేలు చేస్తుందట, అదీ కొంతే. కొందరికి ఏ తేడా ఉండదట, నడకతో సర్దుకున్న వైర్‌లెస్ అబ్బాయిలాగ. గాయం పచ్చిగా ఉన్నప్పుడు కెలికితే కొందరికి ఎక్కువవుతుందట. అదే తప్పుని తిప్పి తిప్పి తవ్వుకునేవాళ్ళకి అది రాతే కాదు, గొయ్యి. రోజులు గడిచేకొద్దీ రాసేదానిలో కొత్త చూపు రావాలి, ఎందుకనో తెలియాలి, ఇంకో మనిషి కనబడాలి. అవేమీ లేకుండా అదే పేజీ మళ్ళీ మళ్ళీ వస్తోందంటే ఆపాలి. అలాంటప్పుడు ఈ వైద్యం తెలిసిన మనిషి పక్కనుండి చేయించే పద్ధతి వేరే ఉంది.

"ఇంకొకటి. ఎవరైనా చదువుతారని అది అనుకుందా?"

"లేదు మేడమ్. ఈ రోజుదాకా నేను చదవలేదు."

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. పిల్లని పిలవమంది.

పిచ్చుక కుర్చీ అంచున కూర్చుంది. మేడమ్ చుట్టూ తిప్పకుండా అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

నేను ఉలిక్కిపడ్డాను. అలా మొహం మీద అడుగుతారని నేననుకోలేదు. కానీ పిచ్చుక ఎవరైనా అడిగితే బాగుండని చూస్తున్నట్టే చెప్పింది.

"చావాలని లేదు మేడమ్. లేకుండా పోతే బాగుండుననిపిస్తుంది. ఆ ఉత్తరం ఇచ్చేశాక ఏం చేయాలో ఆలోచించలేదు."

మేడమ్ అన్నావదినలకి ఫోను చేయించింది. ఈ రోజు నుంచి పుస్తకం బంద్ అంది, కొన్నాళ్ళు సెలవు పెట్టమంది. వారానికి రెండుసార్లు తన దగ్గరికి రావాలంది, పెద్ద డాక్టరుకి కూడా చూపిద్దామంది. ఉత్తరం సంగతికి వచ్చేసరికి పిల్ల మొండికేసింది.

"ఆవిడకి నిజం తెలియాలి మేడమ్. నేను దాచలేను."

అప్పుడు మాట్లాడాల్సింది నేను. జీవితంలో నాది తప్పు అన్న మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, చాలా వేళ్ళు మిగులుతాయి.

"పిచ్చుకా, నువ్వు సెల్లు చూళ్ళేదు. సెల్లు పెట్టెలో ఉంది, తాళం నా దగ్గరుంది. నువ్వు మొదటిసారే సరిగ్గా విన్నావు. మళ్ళీ అడగమన్నది నేను. రికార్డు విన్నాను. నా గొంతు అందులో ఉంది. ఆ పంతొమ్మిది సెకన్లు నావి. అవి లేకపోతే ఆయన బతికేవాడా అంటే నాకు తెలియదు. అడక్కపోయినా బండి సరైన వీధికే పోయేది, అది ఇప్పుడు తెలిసింది. కానీ అడగమన్నది మాత్రం నేనే. ఈ సాయంత్రమే పైవాళ్ళకి రాసిస్తాను. ఆవిడకి చెప్పాల్సింది ఉంటే ఆఫీసు తరఫున నేను వెళ్ళి చెబుతాను. నీకు ఆ రోజే పుస్తకం ఇవ్వడం కూడా నా తప్పే. నాకు తెలియని వైద్యం నీ మీద చేశాను."

పిచ్చుక మొహం ఎర్రబడింది. ఆరు వారాల తర్వాత దాని మొహంలో రంగు చూడటం అదే మొదటిసారి.

"మీరన్నారని నాకు తెలుసు. మొదటిరోజే రాశాను."

"చూశాను. మూడో రోజు తీసేశావు. ఎందుకే?"

"ఎందుకంటే పొద్దున్నే వచ్చి రాశావా, ఎన్ని పేజీలు అని అడుగుతారు! లాకర్ల తాళం మీ దగ్గరుంది! మీరు చదువుతారనుకున్నాను." గబగబా అనేసింది, అచ్చం పాత పిచ్చుకలాగే. "అక్క వల్లే అని అక్క ఇచ్చిన పుస్తకంలో ఎలా రాస్తాను? మీరే కదా నాకు పని నేర్పారు. అందుకని మీ మాట తీసేశాను. తీసేస్తే మరి నేను ఎందుకడిగానో అర్థం కాలేదు. ఏదో ఒకటి ఉండాలి కదా అక్కా! వినలేదేమో అనుకున్నాను. ఎందుకు వినలేదో మళ్ళీ వెతుక్కున్నాను."

నేను చదవలేదు. ఒట్టు, ఆ రోజుదాకా ఒక్క పేజీ చదవలేదు. ఆ మాట అనబోయి ఆగిపోయాను. చదివినా చదవకపోయినా రోజూ పొద్దున దాని పేజీ మీద నిలబడే ఉన్నాను నేను. షిఫ్టులో దాని కుర్చీ వెనకాల నిలబడినట్టే. మేడమ్ అడిగిన ప్రశ్న నాకప్పుడు అర్థమైంది. అప్పట్లో నేను రాసిన నాలుగు రోజులూ గదిలో నన్ను ఒంటరిగా వదిలి ఆవిడ బయటికి వెళ్ళి తలుపు వేయడం ఎంత పెద్ద మందో కూడా.

"క్షమించవే" అన్నాను. బిగ్గరగానే అన్నాను.

అది క్షమిస్తాననలేదు. కవరు తీసి మేడమ్ బల్ల మీద పెట్టింది. "ఇది ఇప్పటికి మీ దగ్గరుంచండి" అంది. రాజీనామా వెనక్కి తీసుకుంటానంది, కానీ నా షిఫ్టులో కూర్చోనంది. సెలవు పూర్తయ్యాక మధ్యాహ్నం షిఫ్టుకి వేయమంది. వేస్తానన్నాను. ఆ కోపం న్యాయమైనదే. పిల్లల్లేని దాన్ని, ఏడు నెలల్లో దాన్ని ఎంతగా నా మనిషిని చేసేసుకున్నానో అప్పుడు తెలిసింది.

అన్నావదినలు వచ్చారు. వదిన గబగబా వచ్చి దాని చెయ్యి పట్టుకుంది, నా వంక చూడలేదు. గుమ్మం దగ్గర పిచ్చుక ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"అక్కా, మళ్ళీ అడుగు అన్నప్పుడు మీ చెయ్యి నా భుజం మీద వేశారు. బండి చేరేదాకా తీయలేదు. ఆవిడ అరిచినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మీ మాటతో పాటు అదీ తీసేశాను. ఆ తర్వాత ముప్ఫైతొమ్మిదిసార్లు ఆ గదిలో నేనొక్కదాన్నే కూర్చున్నాను."